ఓట్లు అవే, కమిటీలు రెండు

(జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా రాయ్‌పూర్ జిల్లా బీర్‌గావ్‌లో తెలుగు సహోద్యోగులు, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భారత ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. 2011 నుంచి ఆ తేదీని జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఏటా ఈ రోజున ఆఫీసులో నిలబడి ప్రతిజ్ఞ చేస్తాం, ఓటు తప్పకుండా వేస్తామని చెబుతాం. వేసిన ఓటును ఎలా లెక్కపెడతారన్న సంగతి మాత్రం మాట్లాడుకోం. లెక్కపెట్టే పద్ధతి మారితే, అవే ఓట్లతో వేరే సభ ఏర్పడుతుంది. ఈ రోజు ఆ ఒక్క విషయమే చెబుతాను. ముందుగా ఒక మాట. మనం ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగులం. కొన్ని పార్టీల పేర్లు, అంకెలు చెప్పక తప్పదు. అవి లెక్క కోసమే, ఎవరి పక్షాన మాట్లాడటానికీ కాదు.

ఇక్కడికి బదిలీ కాకముందు నేను ఒక పెద్ద కాలనీలో అద్దెకు ఉండేవాణ్ణి. ఎ నుంచి ఇ వరకు ఐదు బ్లాకులు. బ్లాకుకు వంద ఇళ్లు, ఇంటికో ఓటు. కాలనీ కమిటీలో ఐదుగురు సభ్యులు, బ్లాకుకు ఒకరు చొప్పున. ఆ ఏడాది సంఘం నిధి ఏ పనికి ఖర్చు పెట్టాలన్న విషయం మీద మూడు జట్లు ఏర్పడ్డాయి. లోపలి రోడ్లు వేయాలని ఒక జట్టు, కొత్త బోరు వేసి పైపులైను మార్చాలని ఇంకొకటి, పిల్లలకు పార్కు కావాలని మూడోది. వాటిని రోడ్డు జట్టు, నీళ్ల జట్టు, పార్కు జట్టు అందాం. లెక్క సులువుగా ఉండటానికి ఓట్లను కొంచెం సవరించి చెబుతున్నాను. బోర్డు మీద చూడండి.

ఎ బ్లాకు: రోడ్డు 40, నీళ్లు 35, పార్కు 25
బి బ్లాకు: రోడ్డు 42, నీళ్లు 38, పార్కు 20
సి బ్లాకు: రోడ్డు 39, నీళ్లు 36, పార్కు 25
డి బ్లాకు: రోడ్డు 41, నీళ్లు 37, పార్కు 22
ఇ బ్లాకు: రోడ్డు 18, నీళ్లు 64, పార్కు 18

ఇ బ్లాకు పైపులైనుకు చివరన ఉంది. ట్యాంకులోంచి నీళ్లు అక్కడికి చేరేసరికి ధార సన్నబడిపోయేది. అందుకే అక్కడ నూటికి 64 ఇళ్లు నీళ్ల జట్టుకు ఓటు వేశాయి. మిగతా బ్లాకుల్లో నీళ్లు వచ్చేవి గానీ చాలేవి కావు.

ఇప్పుడు మనకు అలవాటైన పద్ధతిలో లెక్కపెడదాం. ప్రతి బ్లాకులో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే గెలిచినట్టు. సగం దాటనక్కర లేదు, పక్కవాడికంటే ఒక్క ఓటు ఎక్కువుంటే చాలు. పరుగు పందెంలో అందరికంటే ముందు గీత దాటినవాడు గెలిచినట్టు కాబట్టి దీన్ని ‘ఫస్ట్ పాస్ట్ ది పోస్ట్’ అంటారు. ఎ, బి, సి, డి బ్లాకుల్లో రోడ్డు జట్టు ముందుంది. ఇ బ్లాకులో నీళ్ల జట్టు ముందుంది. కమిటీలో రోడ్డు జట్టుకు నలుగురు, నీళ్ల జట్టుకు ఒక్కరు, పార్కు జట్టుకు ఎవరూ లేరు.

ఇప్పుడు కాలనీ మొత్తం ఓట్లు కూడదాం. రోడ్డు జట్టుకు 180, నీళ్ల జట్టుకు 210, పార్కు జట్టుకు 110. మొత్తం 500. అంటే అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చింది నీళ్ల జట్టుకు. దానికి దక్కింది ఒక్క సీటు. 36 శాతం ఓట్లు వచ్చిన రోడ్డు జట్టుకు ఐదింట నాలుగు. మా కాలనీలో సరిగ్గా ఇలాగే జరిగింది. రోడ్లు పడ్డాయి, బాగానే పడ్డాయి. ఆ ఎండాకాలం ఇ బ్లాకువాళ్లు తలా కొంత వేసుకుని ట్యాంకర్లు తెప్పించుకున్నారు. రోడ్లకు వాళ్లు కట్టాల్సిన వాటాలో మాత్రం ఎవరూ తగ్గించలేదు. సమావేశంలో వాళ్ల సభ్యుడు ప్రతిసారీ లేచి మాట్లాడేవాడు, ప్రతిసారీ నాలుగు–ఒకటి తేడాతో తీర్మానం ఓడిపోయేది. ఎక్కడా అక్రమం లేదు, ఓట్లు సరిగానే లెక్కపెట్టారు. నిబంధన ఏం చెప్పిందో అదే జరిగింది.

మరి 210 ఓట్లు ఏమయ్యాయి? రెండు చోట్ల పోయాయి. ఇ బ్లాకులో మిగతా రెండు జట్లకూ చెరి 18 వచ్చాయి కాబట్టి గెలవడానికి 19 ఓట్లు చాలు. అక్కడ 64 పడ్డాయి. అదనంగా పడిన 45 ఓట్లు అభ్యర్థి మెజారిటీ పెంచాయి గానీ సీట్లు పెంచలేదు. మిగతా నాలుగు బ్లాకుల్లో నీళ్ల జట్టు వరుసగా 5, 4, 3, 4 ఓట్ల తేడాతో ఓడింది. అక్కడ పడిన 146 ఓట్లకు ప్రతిఫలం సున్నా. ఒకచోట కుప్పగా పడి కొన్ని, నాలుగు చోట్ల కొద్దిలో తప్పిపోయి కొన్ని వృథా అయ్యాయి. ఈ పద్ధతిలో ఎన్ని ఓట్లు వచ్చాయన్న దానితో పాటు అవి ఎక్కడెక్కడ పడ్డాయన్నదీ సీట్లను నిర్ణయిస్తుంది. నియోజకవర్గాల హద్దుల గురించి రాజకీయ పార్టీలు అంతగా పట్టించుకునేది ఇందుకే.

రెండో పద్ధతి దామాషా. బ్యాంకువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కన్సార్షియంలో నాలుగు బ్యాంకులు కలిసి ఒక కంపెనీకి అప్పు ఇచ్చాయనుకోండి. ఖాతా మొండి బాకీ అయింది, తనఖా ఆస్తి అమ్మారు. పారీ పాసు హక్కు ఉంటే వచ్చిన సొమ్మును ఎవరి బాకీ ఎంతో ఆ నిష్పత్తిలో పంచుకుంటాం. అందరికంటే ఎక్కువ అప్పిచ్చిన బ్యాంకు మొత్తం పట్టుకుపోతానంటే మనం ఊరుకోం. ఓట్లకు కూడా ఆ పంపకం సూత్రాన్నే వర్తింపజేస్తే అది దామాషా ప్రాతినిధ్యం.

మన కాలనీకి చేసి చూద్దాం. బ్లాకులు తీసేసి, కాలనీ మొత్తాన్ని ఐదు సీట్ల ఒకే నియోజకవర్గం చేద్దాం. ప్రతి జట్టూ తన అభ్యర్థుల పేర్లను వరుసగా రాసి జాబితా ఇస్తుంది. ఓటరు జాబితాకు ఓటు వేస్తాడు. 500 ఓట్లు, 5 సీట్లు, కాబట్టి ఒక సీటు ధర 100 ఓట్లు. నీళ్ల జట్టుకున్న 210 ఓట్లకు రెండు సీట్లు, మిగులు 10. రోడ్డు జట్టుకున్న 180 ఓట్లకు ఒక సీటు, మిగులు 80. పార్కు జట్టుకున్న 110 ఓట్లకు ఒక సీటు, మిగులు 10. నాలుగు సీట్లు తేలాయి, ఒకటి మిగిలింది. ఎక్కువ మిగులు ఉన్నవారికి అది ఇస్తారు, అంటే రోడ్డు జట్టుకు. చివరికి నీళ్లు రెండు, రోడ్డు రెండు, పార్కు ఒకటి.

మిగిలిన సీటు పంచడానికి మరో దారి కూడా ఉంది. ప్రతి జట్టు ఓట్లనూ 1, 2, 3 తో భాగిస్తూ పోయి, వచ్చిన అంకెల్లో పెద్దవి ఐదింటిని ఏరుతారు. దీన్ని డోంట్ పద్ధతి అంటారు, బెల్జియం న్యాయశాస్త్రవేత్త విక్టర్ డోంట్ పేరు మీద. మన లెక్కలో ఆ ఐదు అంకెలు 210, 180, 110, 105, 90. వీటిలో 210, 105 నీళ్ల జట్టువి, 180, 90 రోడ్డు జట్టువి, 110 పార్కు జట్టుది. ఫలితం మళ్లీ రెండు, రెండు, ఒకటే. అన్నిసార్లూ రెండు దారులూ ఒకే చోటికి చేరవు. డోంట్ పద్ధతి సాధారణంగా పెద్ద పార్టీల వైపు కొద్దిగా మొగ్గుతుంది.

ఇంకో చిన్న ప్రయోగం చేద్దాం. ఎన్నికకు ముందురోజు ఎ, బి, డి బ్లాకుల్లో ముగ్గురేసి, సి బ్లాకులో ఇద్దరు మనసు మార్చుకుని రోడ్డు జట్టు నుంచి నీళ్ల జట్టుకు మారారనుకోండి. 500 మందిలో 11 మంది. ఎ బ్లాకులో 37–38, బి లో 39–41, సి లో 37–38, డి లో 38–40. నాలుగు చోట్లా నీళ్ల జట్టే ముందుకు వచ్చింది. మన పాత పద్ధతిలో ఇప్పుడు నీళ్ల జట్టుకు ఐదుకి ఐదు, రోడ్డు జట్టుకు సున్నా. 11 ఓట్లు మారితే ఒకటి ఐదయింది, నాలుగు సున్నా అయింది. దామాషాలో చూడండి. నీళ్లు 221, రోడ్డు 169, పార్కు 110. సీట్లు మళ్లీ రెండు, రెండు, ఒకటి. ఏమీ మారలేదు. మొదటి పద్ధతి చిన్న కదలికను పెద్దది చేసి చూపిస్తుంది, రెండోది దాని కొలతలోనే చూపిస్తుంది.

ఇదంతా బోర్డు మీది లెక్కేనా, నిజంగా జరుగుతుందా అని మీరు అడగవచ్చు. మన సొంత రాష్ట్రానికే వెళదాం. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. 2019 ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 49.95 శాతం ఓట్లు, 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. ఐదేళ్ల తర్వాత 2024లో పాత్రలు తారుమారయ్యాయి. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి కలిపి సుమారు 55 శాతం ఓట్లు, 164 సీట్లు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు.

ఈ రెండు ఎన్నికల్లో ఓడిన పార్టీ ఓట్లు పక్కపక్కన పెట్టండి. 39.17, 39.37. ఇంచుమించు ఒకటే. సీట్లు 23, 11. రెండుసార్లూ రాష్ట్రంలో పదిమందిలో దాదాపు నలుగురు ఓడిన పార్టీకే ఓటు వేశారు. 175 సీట్లను నిష్పత్తి ప్రకారం పంచితే ఆ 39 శాతానికి దాదాపు 68 సీట్లు వచ్చేవి. ఆ ఓట్లు రాష్ట్రమంతా సమంగా పరుచుకుని ఉండటం వల్ల నియోజకవర్గం తర్వాత నియోజకవర్గంలో రెండో స్థానం దగ్గరే ఆగిపోయాయి. మా కాలనీలో నీళ్ల జట్టుకు ఎ నుంచి డి వరకు జరిగింది ఇదే. 2019లో ఒక వర్గంవారు బాధపడ్డారు, 2024లో ఇంకో వర్గంవారు. పద్ధతి ఎవరి పక్షమూ కాదు, ఆ రోజు ముందున్నవారి పక్షం.

ఛత్తీస్‌గఢ్ అనుభవం కొంచెం వేరు. ఇక్కడ 90 స్థానాలు. 2023లో బీజేపీకి 46.27 శాతం ఓట్లు, 54 సీట్లు. కాంగ్రెస్‌కు 42.23 శాతం, 35 సీట్లు. నాలుగు శాతం తేడాకు 19 సీట్ల తేడా వచ్చింది. అయినా ప్రతిపక్షం ఆంధ్రాలోలాగా తుడిచిపెట్టుకుపోలేదు. తేడా తక్కువ కావడం ఒక కారణం, ఓడిన పార్టీకి కొన్ని ప్రాంతాల్లో గట్టి పట్టు ఉండటం రెండోది. ఇదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న సర్గుజా డివిజన్‌ను మాత్రం చూడండి. అక్కడి 14 స్థానాలూ 2018లో కాంగ్రెస్‌కు, 2023లో బీజేపీకి వెళ్లాయి. సర్గుజాలో ఒక పార్టీ ఓటర్లు 2018లో ఒక్కరూ లేకుండా పోయి, 2023లో ఒక్కసారిగా పుట్టుకురాలేదు కదా. ఉన్నారు, కానీ సభలో కనిపించలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫలానా పార్టీకి దామాషాలో 68 సీట్లు వచ్చేవి అన్నప్పుడు, అవే ఓట్లు పడతాయని అనుకుని చేసిన లెక్క అది. పద్ధతి మారితే ఓటరూ మారతాడు. మా కాలనీలోనే పార్కు కావాలనుకున్న కొందరు “ఎలాగూ గెలవదు, ఓటు ఎందుకు పాడుచేయడం” అని రోడ్డు జట్టుకో నీళ్ల జట్టుకో వేశారు. దామాషాలో ఆ భయం ఉండదు. పార్టీల పొత్తులు కూడా ఇలాగే ఉండవు. అందుకని ఈ లెక్కను జోస్యంగా తీసుకోకండి, వంకర ఎంత ఉందో చూపే కొలబద్దగా తీసుకోండి.

దామాషా విదేశీ సరుకని కొందరు అనుకుంటారు. మన రాజ్యాంగంలోనే అది ఉంది. రాజ్యసభ సభ్యులను రాష్ట్రాల శాసనసభ్యులు దామాషా పద్ధతిలో ఎన్నుకోవాలని 80వ అధికరణ చెబుతోంది. అయితే ఇందులో జాబితాలు ఉండవు. ఎమ్మెల్యే ఒకే ఓటు వేస్తాడు, అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని తన ఇష్టాల వరుస రాస్తాడు. గెలవడానికి కావలసిన కోటా కంటే ఎక్కువ వస్తే ఆ అదనం రెండో ఇష్టానికి బదిలీ అవుతుంది. అందరికంటే వెనుకబడినవారిని తప్పించి వారి ఓట్లనూ అలాగే బదిలీ చేస్తారు. అంటే ఇ బ్లాకులో 45 ఓట్లు మురిగిపోయినట్టు ఇక్కడ మురిగిపోవు.

ఛత్తీస్‌గఢ్‌తోనే లెక్క వేద్దాం. 2023 ఫలితాల ప్రకారం 54, 35, ఒకటి. రాజ్యసభకు రెండు స్థానాలు ఒకేసారి ఖాళీ అయ్యాయనుకుందాం. కోటా ఎంత? 90ని ఖాళీల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే 3తో భాగిస్తే 30. దానికి ఒకటి కలిపితే 31. అసలు లెక్కలో పంపకం సరిగ్గా ఉండటానికి ఒక్కో ఓటుకు 100 విలువ ఇస్తారు, సారాంశం ఇదే. 54 మంది ఉన్న పార్టీ మొదటి అభ్యర్థికి 31 తీసేస్తే 23 మిగులుతాయి. రెండో అభ్యర్థికి అవి చాలవు. 35 మంది ఉన్న పార్టీకి 31 దాటాయి. ఎవరి సభ్యులు వారి పార్టీకే కట్టుబడితే ఫలితం చెరొకటి. ఒకే స్థానం ఖాళీ అయితే మాత్రం కోటా 46. అప్పుడు 54 మంది ఉన్నవారే గెలుస్తారు, దామాషా అన్న పేరు ఉన్నా పని చేయదు. ఒకేసారి నింపే సీట్లు ఎన్ని ఎక్కువైతే పంపకం అంత న్యాయంగా వస్తుంది. ఎక్కడైనా దామాషా అని విన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఒక్కో నియోజకవర్గానికి ఎన్ని సీట్లు’ అన్నదే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆంధ్రాలో మూడు రాజ్యసభ స్థానాలు ఒకేసారి వచ్చాయనుకోండి, గెలవడానికి 44 మంది ఎమ్మెల్యేలు కావాలి. 39 శాతం జనం ఓట్లు ఉన్నా 11 మంది ఎమ్మెల్యేలే ఉన్న పార్టీకి అది అందని మాట. మొదటి జల్లెడలో రాలిపోయినదాన్ని రెండో జల్లెడ ఎంత సన్నగా ఉన్నా వెనక్కి తేలేదు.

మరి లోక్‌సభకు, శాసనసభలకు దామాషా ఎందుకు పెట్టుకోలేదు? ఈ ప్రశ్న రాజ్యాంగ సభలోనే వచ్చింది. 1949 జనవరి 4న లోక్‌సభ ఎన్నికకు దామాషా పద్ధతి కావాలని కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ తెచ్చారు. డాక్టర్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణాలు ముఖ్యంగా రెండు. ఇష్టాల వరుస అంకెల్లో రాయాలంటే అక్షరాస్యత విస్తారంగా ఉండాలి, అప్పటి దేశంలో అది లేదు. రెండోది, దామాషా వల్ల సభ చిన్నచిన్న ముక్కలై ప్రభుత్వం నిలబడటం కష్టమవుతుంది. మొదటి కారణం ఈ డెబ్బై ఏళ్లలో చాలావరకు బలహీనపడింది. రెండోది ఇప్పటికీ బరువైన వాదనే.

ఆ బరువు తెలియాలంటే మళ్లీ కాలనీకి రండి. దామాషాలో వచ్చిన కమిటీ రెండు, రెండు, ఒకటి. ఎవరికీ ముగ్గురు లేరు. అప్పుడు తాళంచెవి పార్కు సభ్యుడి చేతిలో ఉంటుంది. నీళ్ల జట్టు వైపు తిరిగితే బోరు, రోడ్డు జట్టు వైపు తిరిగితే రోడ్డు. 22 శాతం ఓట్లతో వచ్చిన ఒక్కరు ఐదేళ్లపాటు ఇద్దరితోనూ బేరం ఆడవచ్చు. ఓట్ల పంపకం న్యాయంగా ఉన్నా అధికార పంపకం అంత న్యాయంగా ఉండకపోవచ్చు. నాలుగు–ఒకటి కమిటీ తప్పు పని చేసినా చకచకా చేసింది, వచ్చే ఎన్నికలో ఎవరిని దించాలో కూడా అందరికీ తెలుసు. రెండు–రెండు–ఒకటి కమిటీలో పని ఆగిపోతే ఎవరిని అడగాలి?

ఇంకో నష్టం కూడా ఉంది. బీర్‌గావ్ నగర పాలక సంస్థనే చూడండి. 2021 డిసెంబరులో ఇక్కడ 40 వార్డులకు ఎన్నికలు జరిగాయి. వార్డుకు ఒక పార్షద్, అంటే మన కార్పొరేటర్. ఉర్లా ఫ్యాక్టరీల వైపు కాలువ పొంగినా, వీధి దీపం వెలగకపోయినా జనం నేరుగా ఫలానా మనిషి ఇంటికి వెళతారు. నగరం మొత్తాన్ని ఒకే జాబితా కింద పెడితే 40 మందీ అందరివాళ్లే, ఎవరి వీధికీ ఎవరూ సొంతం కారు. పైగా జాబితాలో ఎవరి పేరు ముందుండాలో పార్టీయే నిర్ణయిస్తుంది. కాలనీలోనూ జాబితా పెట్టి ఉంటే, బి బ్లాకులో లిఫ్టు ఆగితే అడగడానికి బి బ్లాకు మనిషి కమిటీలో ఉండకపోవచ్చు.

రెండు లాభాలూ కావాలనుకున్న దేశాలు రెండింటినీ కలిపాయి. పక్కనున్న నేపాల్‌లో ప్రతినిధుల సభకు 275 స్థానాలు. వాటిలో 165 మన పద్ధతిలో, నియోజకవర్గానికి ఒకరు. 110 దేశం మొత్తం ఓట్ల దామాషాలో. ఓటరుకు రెండు ఓట్లు, ఒకటి మనిషికి, ఒకటి పార్టీకి. సభ మరీ ముక్కలు కాకుండా దామాషా సీట్లకు కనీసం 3 శాతం ఓట్లు రావాలన్న గడప పెట్టారు. అయినా 2017, 2022 ఎన్నికల్లో అక్కడ ఏ ఒక్క పార్టీకీ సొంత మెజారిటీ రాలేదు, పొత్తులు తరచూ మారాయి. అంటే కలిపినంత మాత్రాన అన్ని కష్టాలూ తీరవు. ఏ కష్టం భరించగలమో ఎంచుకోవడమే మిగులుతుంది.

చివరగా మన వృత్తికి దగ్గరి సంగతి ఒకటి. ఎంబీఏలో చదివి మరిచిపోయి, తర్వాత ఒక కంపెనీ పత్రాలు చూస్తుండగా మళ్లీ గుర్తొచ్చింది. 2013 కంపెనీల చట్టం 163వ సెక్షన్ ప్రకారం, కంపెనీ కావాలనుకుంటే తన నియమావళిలో రాసుకుని, మొత్తం డైరెక్టర్లలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా దామాషా పద్ధతిలో ఎన్నుకోవచ్చు. అందులో ఒక దారి ఓట్లను పోగుచేసి వేయడం. ఒకరికి 60 షేర్లు, ఇంకొకరికి 40, డైరెక్టర్లు ఐదుగురు అనుకోండి. మామూలుగా ఒక్కో డైరెక్టరుకు విడిగా ఓటు వేస్తే ఐదుసార్లూ 60 గెలుస్తాయి, 40 షేర్లున్న మనిషికి ఒక్కరూ ఉండరు. పోగుచేసే పద్ధతిలో మొదటివారికి 60ని ఐదుతో హెచ్చించి 300 ఓట్లు, రెండోవారికి 200. రెండోవారు ఇద్దరి మీద చెరి వంద వేస్తారు. మొదటివారు నలుగురిని గెలిపించాలంటే తలా 75 మాత్రమే వస్తాయి, అవి వందను దాటవు. ఫలితం మూడు, రెండు. చిన్న వాటాదారు తీర్మానాన్ని గెలవలేకపోవచ్చు, కానీ లెక్కల పుస్తకం తెరిచిన గదిలో కూర్చుంటాడు.

నాకు ఇందులో అర్థమైంది ఇదే. ప్రభుత్వాన్ని నడపాల్సిన చోట నిలకడ కూడా కావాలి కాబట్టి పెద్ద సభల విషయంలో రెండు వైపులా గట్టి వాదనలున్నాయి. మన సొసైటీలు, క్లబ్బులు, కాలనీ సంఘాల కమిటీలకు ప్రభుత్వం పడిపోతుందన్న భయం లేదు. అక్కడ కావలసింది ఇబ్బంది పడుతున్నవారి గొంతు లోపలికి చేరడం. అలాంటిచోట ఐదు సీట్లను ఒక్కటిగా కలిపి దామాషాలో పంచడానికి ఒక సాయంత్రం, ఒక కాగితం చాలు. మా కాలనీలో ఈ మాట ఎత్తాను. నియమావళి మార్చాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలన్నారు. ఆ సమావేశం జరగకముందే నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. పోయిన నెల ఫోన్ చేస్తే, ఇ బ్లాకువాళ్లు సొంత డబ్బుతో వేరే బోరు వేయించుకున్నారని తెలిసింది.

ఇకముందు ఏ ఎన్నికల ఫలితమైనా పేపర్లో చూసినప్పుడు, సీట్ల పక్కన ఓట్ల శాతం కూడా వెతికి రాసుకోండి. రెండింటికీ తేడా ఎంతుందో చూడండి. తేడా పెద్దదైతే, ఆ ఓట్లు కుప్పగా పడి పోయాయా, పలచగా పరుచుకుని పోయాయా అన్నది నియోజకవర్గాల వారీ మెజారిటీలు చూస్తే తెలిసిపోతుంది. అంతకుమించి లెక్కలేమీ రానక్కర లేదు.

బోర్డు మీది అంకెలు చెరపకండి, టీ తాగుతూ ఎవరికైనా సందేహం వస్తే మళ్లీ కూడి చూద్దాం.